హుడెడ్ కళ్ళకు కర్లర్, మస్కారా, సీరమ్: ముందు ఏది మార్చాలి?

ప్రశ్న: నా కళ్ళు చిన్నవి, కాస్త లోపలికి ఉంటాయి. పై రెప్ప మీదికి చర్మం మడతలా వాలుతుంది. కర్లర్ పెడితే చర్మం నొక్కుకుని నొప్పి పుడుతుంది. మస్కారా వేస్తే మధ్యాహ్నానికల్లా రెప్ప మీద నల్లటి మరకలు. ల్యాషెస్ పొడవు పెంచే సీరమ్ వాడితే ఈ బాధ తీరుతుందా? ఏ రకం కొనాలి?

జవాబు:

తీరదండీ. మీరు కొనాల్సినవాటిలో సీరమ్ చివరిది. ముందు కర్లర్ మార్చండి, ఆ తర్వాత మస్కారా రకం మార్చండి. ఈ రెండూ కుదిరాక కూడా పొడవు చాలదనిపిస్తే అప్పుడు సీరమ్ గురించి ఆలోచించొచ్చు. కళ్ళు లోపలికి ఉన్నాయంటున్నారు కాబట్టి, వెంట్రుకల్ని నిజంగా పొడవు పెంచే ప్రోస్టాగ్లాండిన్ రకం సీరమ్ మాత్రం మీరు వాడొద్దు అనే చెబుతాను. ఎందుకో చివర్లో వివరంగా రాశాను.

పై రెప్ప వెంట్రుకలు చాలామందికి 8 నుంచి 12 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి. మామూలు కంటికి వెంట్రుక మొదలుకీ పైనున్న మడతకీ మధ్య రెప్ప కొంత ఖాళీగా కనిపిస్తుంది. హుడెడ్ కంటికి ఆ ఖాళీ ఉండదు, మడత నేరుగా వెంట్రుకల మొదళ్ళ మీదికి వచ్చి కూర్చుంటుంది. అలాంటి చోట వెంట్రుక ముందుకు సాగి ఉంటే మడత బరువుకి కిందికి వంగుతుంది, పైకి తిరిగి ఉంటే కొస వెళ్ళి మడత చర్మానికి తగులుతుంది. పొడవు పెరిగితే ఈ రెండూ ఎక్కువవుతాయే తప్ప తగ్గవు. అందుకే మొదట్లో గట్టిగా లేచి, ఆ పైన పెద్దగా వంపు లేకుండా నిలబడే వెంట్రుక మీకు కావాలి. కొస వెనక్కి చుట్టుకుపోయే కర్ల్ ఫొటోల్లో బాగుంటుంది కానీ హుడెడ్ కంటికి అదే మరకలు తెచ్చిపెడుతుంది.

ముందు మీ కన్ను ఏ రకమో చూసుకోండి

అద్దంలోకి నేరుగా చూడండి. కనుబొమలు ఎత్తకుండా ముఖం వదులుగా ఉంచాలి. మనకు తెలియకుండానే వాటిని ఎత్తేస్తుంటాం కాబట్టి నుదుటి మీద అరచెయ్యి ఆనించి చూస్తే మంచిది. ఇప్పుడు రెప్పను కప్పేస్తున్న భాగాన్ని వేలితో తాకండి. మెత్తగా, కదిలే చర్మం తగిలితే అది హుడ్. గట్టిగా ఎముక తగిలి, కన్ను దాని వెనక ఉన్నట్టనిపిస్తే లోపలికి ఉన్న కన్ను. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. మడత మొత్తం కప్పుతోందా, బయటి మూల మూడో వంతే కప్పుతోందా అన్నది కూడా గమనించండి. రెండు కళ్ళూ ఒకేలా ఉండాలనేమీ లేదు, చాలామందికి ఉండవు.

ఈ తేడా తెలిస్తే కర్లర్ ఎక్కడ అడ్డుపడుతోందో అర్థమవుతుంది. హుడ్ ఉన్నప్పుడు వాలిన చర్మం కర్లర్ పై కడ్డీకీ కింది ప్యాడ్‌కీ మధ్య ఇరుక్కుంటుంది. కన్ను లోపలికి ఉన్నప్పుడు ఫ్రేమ్ పైభాగం కనుబొమ ఎముకకు తగిలి, వెంట్రుకల మొదళ్ళ దాకా వెళ్ళకుండానే ఆగిపోతుంది. ఇక కన్ను చిన్నదైతే ఫ్రేమ్ వెడల్పు ఎక్కువై దాని రెండు చివరలూ కంటి మూలల్ని గిల్లుతాయి. మూడింటికీ మందు ఒకటి కాదు.

కర్లర్ ఎంపిక

కొనేముందు కర్లర్ తెరిచి, వెంట్రుకలు పెట్టకుండా ఊరికే కంటి ముందు పట్టుకుని చూడండి. కడ్డీ వంపు మీ రెప్ప అంచు వంపుతో కలిసిపోవాలి. కడ్డీ మరీ గుండ్రంగా ఉంటే రెండు చివరలు చర్మానికి తగులుతూ మధ్యలో ఖాళీ మిగులుతుంది. మరీ చదునుగా ఉంటే మధ్య భాగం ముందు తగిలి మూలల్లో వెంట్రుకలు అందవు. బ్రాండ్ పేరు చూసి కొనడం కంటే ఈ ఒక్క పరీక్ష చేసి కొనడం మేలు.

ఏ పూర్తి సైజు కర్లరూ సరిపోకపోతే మినీ కర్లర్ తీసుకోండి. దాని కడ్డీ సుమారు సెంటీమీటర్ వెడల్పే ఉంటుంది, ఒకసారికి మూడో వంతు వెంట్రుకల్ని పడుతుంది. పక్క ఫ్రేమ్ లేని రకమైతే ఎముకకు తగిలే బాధ ఇంకా తక్కువ. కాస్త సమయం ఎక్కువ పడుతుంది కానీ మీలాంటి కంటికి నేను మొదట చెప్పేది ఇదే. వేడి చేసే కర్లర్ అంత గట్టిగా నొక్కాల్సిన పని లేకుండా వంచుతుంది కాబట్టి చర్మం ఇరుక్కునే భయం ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. మామూలు లోహపు కర్లర్‌ని హెయిర్ డ్రైయర్ ముందు పెట్టి వేడి చేయడం మాత్రం వద్దు. ఎంత వేడెక్కిందో తెలియదు, రెప్ప చర్మం చాలా పల్చన.

కర్ల్ చేసే పద్ధతి

వెంట్రుకలు పూర్తిగా పొడిగా, శుభ్రంగా ఉండాలి. ఇది చాలామంది పట్టించుకోని విషయం. తడి తగిలితే వెంట్రుక లోపలి బంధాలు సడలి అది తన పాత ఆకారానికి వెళ్ళిపోతుంది, తల వెంట్రుకలు తడిస్తే స్టైల్ పోయినట్టే. ముఖం కడిగిన వెంటనేగానీ ఐ క్రీమ్ రాసిన వెంటనేగానీ కర్ల్ చేస్తే అది నిలవదు. టిష్యూతో అద్ది, పది నిమిషాలు ఆగండి. మస్కారా వేశాక కర్ల్ చేయడం అసలు వద్దు. వెంట్రుక ప్యాడ్‌కి అంటుకుని తెగిపోతుంది, లేదా మొదలుతో సహా ఊడి వస్తుంది.

చిన్న అద్దాన్ని గడ్డం కింద, ఛాతీ ఎత్తులో పట్టుకుని అందులోకి చూడండి. తల వంచకుండా చూపు మాత్రమే కిందికి దించాలి. అప్పుడు పై రెప్ప చాచుకుని, దాక్కున్న మొదళ్ళు బయటికి వస్తాయి. రెండో చేతి వేలితో మడతను కనుబొమ కిందున్న ఎముక మీదికి మెల్లగా ఎత్తి అక్కడే ఆపండి. లాగాల్సింది మడతను, రెప్ప అంచును కాదు. అంచును లాగితే రెప్ప కంటి మీద నుంచి లేస్తుంది, వేలు వదిలాక కోణం మారిపోతుంది.

వెంట్రుకలు కర్లర్ మధ్యలోకి వచ్చాక, రెప్ప అంచుకు ఒక మిల్లీమీటర్ దూరంలో ఆపి ముందు సగమే నొక్కండి. చర్మం ఇరుక్కుని ఉంటే ఈ సగం నొక్కుడులోనే తెలుస్తుంది. గిల్లినట్టు అనిపిస్తే వెంటనే వదిలి, కొద్దిగా ముందుకు జరిపి మళ్ళీ పెట్టండి. ఏమీ అనిపించకపోతే పూర్తిగా నొక్కి 5 నుంచి 8 సెకన్లు అలాగే ఉంచండి. నొక్కి ఉన్నప్పుడు కర్లర్‌ని ముందుకు లాగకూడదు. వదిలి, వెంట్రుక మధ్య భాగానికి జరిపి, పిడిని కొంచెం పైకెత్తి, మొదటిసారి నొక్కినదానిలో సగం బలంతో 3 సెకన్లు నొక్కండి.

అక్కడితో ఆపేయండి. కొసల దగ్గర మూడోసారి నొక్కమని చాలాచోట్ల చెబుతారు, మామూలు కంటికి అది సరైనదే. హుడెడ్ కంటికి మాత్రం ఆ మూడో నొక్కుడుతోనే కొసలు మడతలోకి దూరతాయి. ఇక మొదటి నొక్కుడు దగ్గరే అంతా అయిపోవాలని మరీ బలంగా నొక్కితే వెంట్రుక విరిగినట్టు మూలగా వంగుతుంది. పక్క నుంచి చూస్తే ఆ మూల స్పష్టంగా కనిపిస్తుంది.

ప్యాడ్‌ను వేలితో తడిమి చూడండి. మధ్యలో గీత లోతుగా పడి ఉంటే, కడ్డీ ఆ గీతలోకి దిగి వెంట్రుకను వంచే బదులు కోస్తుంది. రోజూ వాడేవాళ్ళు మూడు నెలలకోసారి ప్యాడ్ మార్చుకోవాలి. గీత అంతకు ముందే పడితే అప్పుడే మార్చాలి.

మరకను చూసి మస్కారాను ఎంచుకోవడం

మరక ఎలా ఉందో, ఎప్పుడు పడిందో గమనిస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. వేసిన మొదటి ఐదు నిమిషాల్లో మడత మీద వరసగా, విడివిడి చుక్కలు పడితే అది ఆరకముందే తగిలిన మస్కారా. రెండు మూడు గంటల తర్వాత బూడిద రంగులో పులుముకున్నట్టు పడితే, చర్మంలోంచి వచ్చే నూనె దాన్ని కరిగిస్తోందని అర్థం. కంటి కింద నల్లటి పొడిలా రాలుతుంటే మస్కారా పాతబడి ఉండాలి, లేదంటే పూత మీద పూత ఎక్కువై ఉండాలి. మీరు మధ్యాహ్నానికి అన్నారు కాబట్టి మీది రెండోది, నూనె సమస్య.

నూనెకు మామూలు మస్కారా నిలవదు. వాటర్‌ప్రూఫ్ కూడా అంత నమ్మకం కాదు. అది నీటికి నిలుస్తుంది కానీ మైనాలతో చేసినది కాబట్టి నూనెకు మెత్తబడుతుంది, దాన్ని తుడవడానికి నూనె వాడేదీ అందుకే. మీరు చూడాల్సింది ట్యూబింగ్ మస్కారా. ఇందులోని పాలిమర్ ఆరాక ఒక్కో వెంట్రుక చుట్టూ సన్నని గొట్టంలా గట్టిపడుతుంది. చర్మం నూనెకు కరగదు, పులుముకోదు. గోరువెచ్చని నీటితో తడిపి మెల్లగా నొక్కి లాగితే చిన్న చిన్న నల్లటి గొట్టాలుగా ఊడి వస్తుంది. పెట్టె మీద ఆ పేరు లేకపోయినా, గోరువెచ్చని నీటితో తొలగిపోతుందని రాసి ఉంటే చాలావరకు ఈ రకమే.

దీనికీ ఒక లోపం ఉంది. ట్యూబింగ్ మస్కారాల్లో నీటి శాతం ఎక్కువ, అందుకని కష్టపడి చేసిన కర్ల్ కొందరికి వేసిన కాసేపటికే దిగిపోతుంది. వాటర్‌ప్రూఫ్‌లో నీరు దాదాపు ఉండదు కాబట్టి కర్ల్‌ను బాగా నిలబెడుతుంది. నిటారుగా, బిరుసుగా ఉండే వెంట్రుకలవాళ్ళకి నేను రెండూ కలిపి వాడమంటాను. మొదళ్ళ నుంచి సగం దాకా వాటర్‌ప్రూఫ్ ఒకే ఒక పల్చటి పూత, అది పూర్తిగా ఆరాక మొదలు నుంచి కొస దాకా ట్యూబింగ్ ఒక పూత. చర్మానికి తగిలే కొసల మీద ట్యూబింగ్ ఒక్కటే ఉంటుంది. రాత్రి తీసేటప్పుడు ముందు గోరువెచ్చని నీళ్ళు, తర్వాత నూనె కలిసిన రిమూవర్.

బ్రష్ సన్నగా, చిన్నగా ఉండాలి. లావు బ్రష్ మీ కంటికి వెంట్రుకల కంటే ముందు రెప్పనే తాకుతుంది. బయటికి తీశాక టిష్యూ మీద తుడవండి, ముఖ్యంగా కొసన చేరే ముద్దను. కర్ల్ చేసినప్పటిలాగే చూపు కిందికి దించి, బ్రష్‌ను మొదళ్ళ దగ్గర పెట్టి అటూ ఇటూ రెండు మూడుసార్లు కదిలించి పైకి తీయండి. మస్కారా ఎక్కువ భాగం మొదళ్ళలోనే ఉండాలి. కొసల్లో బరువు పెరిగితే కర్ల్ కూలిపోతుంది. తర్వాత వేలితో మడతను ఎత్తి ఒక నిమిషం పాటు కిందికే చూడండి. వేసీ వేయగానే కళ్ళు పెద్దవి చేసి అద్దంలో చూసుకోవడం వల్లే ఆ తొలి చుక్కలు పడతాయి.

మడత మీద రంగులేని ఫేస్ పౌడర్‌ని చిన్న బ్రష్‌తో పల్చగా అద్దితే నూనె కొంత ఆగుతుంది. మస్కారాకు ముందే అద్దాలి, తర్వాత అయితే పౌడర్ వెంట్రుకల మీద పడుతుంది. కింది వెంట్రుకలకు మస్కారా మాత్రం వద్దంటాను. లోపలికి ఉన్న కంటి కింద ఇప్పటికే నీడ ఉంటుంది, నలుపు దాన్ని ఇంకా పెంచుతుంది. మస్కారా ట్యూబ్ తెరిచిన మూడు నెలలకు పారేయండి.

ఒకరి కళ్ళను తీసుకుని చూద్దాం

కుడి కన్ను కొద్దిగా లోపలికి ఉంది, మడత మాత్రం పైనే ఉంది. ఎడమ కంటికి బయటి మూడో వంతు మీద మడత వాలింది. పూర్తి సైజు కర్లర్, వాటర్‌ప్రూఫ్ మస్కారా రెండు పూతలు. సాయంత్రానికి ఎడమ కంటి బయటి మూల నల్లగా ఉంటోంది, కుడి కంటికి ఏమీ లేదు. ఇలాంటప్పుడు అన్నీ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు.

మొదటి రోజు కర్ల్ మాత్రమే చేసి, మస్కారా వేయకుండా నాలుగు గంటలు ఆగి చూడాలి. మధ్య వెంట్రుకలు లేచే ఉన్నాయి, ఎడమ కంటి బయటి మూలవి మాత్రం అసలు వంగనే లేదు. ఫ్రేమ్ ఆ మూలకు చేరడం లేదన్నమాట. రెండో రోజు మధ్య భాగానికి పాత కర్లరే, మూలకు మినీ కర్లర్. ఈసారి మూల వెంట్రుకలూ లేస్తాయి. మూడో రోజు ఎడమ కంటికి ట్యూబింగ్, కుడి కంటికి పాత వాటర్‌ప్రూఫ్. సాయంత్రం ఎడమ కన్ను శుభ్రంగా ఉండి, కర్ల్ కొంచెం దిగితే పైన చెప్పిన వాటర్‌ప్రూఫ్, ట్యూబింగ్ కలిపి వేసే పద్ధతిని ఆ ఒక్క కంటికే వాడితే సరిపోతుంది. కుడి కంటికి ఏ మార్పూ అక్కర్లేదు. మీరు కూడా ఇదే వరసలో, రోజుకొక్క మార్పు చొప్పున చేసి చూడండి.

ఇక సీరమ్

సీరమ్‌లు స్థూలంగా రెండు రకాలు. వెంట్రుకను నిజంగా పొడవు పెంచేవి ప్రోస్టాగ్లాండిన్‌ను పోలిన పదార్థాలున్నవి. వీటిలో బాగా పరీక్షించినది బైమాటోప్రోస్ట్ 0.03 శాతం. గ్లాకోమాకు వేసే కంటి చుక్కల మందు ఇదే. అది వాడినవాళ్ళ రెప్ప వెంట్రుకలు పెరగడం గమనించాక, 2008లో అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని వెంట్రుకల కోసం ప్రిస్క్రిప్షన్ మందుగా ఆమోదించింది. వెంట్రుక పెరిగే దశను ఇది పొడిగిస్తుంది. రోజూ రాత్రి పై రెప్ప అంచున రాస్తే పూర్తి ఫలితానికి 16 వారాలు పడుతుంది. ఆపేస్తే కొన్ని వారాల నుంచి నెలల్లో వెంట్రుకలు పాత స్థితికి వచ్చేస్తాయి.

ఎరుపు, దురద, రెప్ప అంచు నల్లబడటం దీంతో వచ్చే మామూలు ఇబ్బందులు. కంటిపాప చుట్టూ ఉండే రంగు గోధుమ వైపు మారే అవకాశం కూడా ఉంది, ఆ మార్పు వెనక్కి రాకపోవచ్చు. మీ విషయంలో నాకు వీటన్నిటికంటే ఎక్కువ భయం మరొకదాని గురించి. ఈ రకం మందులు కంటి చుట్టూ ఉన్న కొవ్వును తగ్గించగలవు. అప్పుడు పై రెప్పకూ కనుబొమ ఎముకకూ మధ్య గుంట లోతవుతుంది, కన్ను ఇంకా లోపలికి పోయినట్టు కనిపిస్తుంది, కొందరికి రెప్ప వాలుతుంది కూడా. ఒక కంటికే గ్లాకోమా చుక్కలు వేసుకునేవాళ్ళలో రెండు కళ్ళనూ పక్కపక్కన పోల్చి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. రెప్ప అంచున రాసే సీరమ్‌తో కంటిలోకి వెళ్ళే మోతాదు చుక్కలకంటే తక్కువే, అయినా నెలల తరబడి వాడితే ఈ మార్పు రావచ్చు. ఆపాక కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోతుందన్న హామీ లేదు. పుట్టుకతోనే గుంట ఉన్న కంటికి కాస్త పొడవు కోసం ఇంత రిస్క్ తగదు. దీన్ని వాడితే మడత తగ్గి కన్ను తెరుచుకుందని కొందరు సంతోషంగా రాస్తుంటారు. అలా కనిపించడం వెనక కూడా ఉన్నది ఈ కొవ్వు తగ్గడమే కావచ్చు.

ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే సీరమ్‌లలోనూ ఈ కుటుంబం పదార్థాలు ఉంటాయి. ఐసోప్రొపైల్ క్లోప్రోస్టెనేట్ ఒకటి, పొడవాటి పేరున్న డీక్లోరో డైహైడ్రాక్సీ డైఫ్లూరో ఎథైల్‌క్లోప్రోస్టెనోలమైడ్ ఇంకొకటి. ఇవన్నీ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. పదార్థాల జాబితాలో ఏ పేరు మధ్యలోనైనా "ప్రోస్ట్" అన్న ముక్క కనిపిస్తే ఆ సీసా మీకు కాదు. ముందు వైపు "సహజమైనది" అని రాసి ఉన్నా సరే, వెనక వైపు చదవండి.

రెండో రకం పెప్టైడ్‌లు, పాంథెనాల్ లాంటివి ఉండేవి. వెంట్రుకకు తేమనిచ్చి, విరగడం తగ్గిస్తాయి. కర్లర్ వల్ల కొసలు తెగిపోతున్నవాళ్ళకి ఆ తెగడం ఆగుతుంది కాబట్టి కాస్త నిండుగా కనిపిస్తాయి. ప్రోస్టాగ్లాండిన్ స్థాయి పొడవును వీటి నుంచి ఆశించొద్దు. మీరు సీరమ్ వాడాలనుకుంటే మాత్రం ఈ రకమే వాడండి. రాత్రి కాంటాక్ట్ లెన్స్ తీసేసి, శుభ్రమైన పొడి రెప్ప మీద, పై వెంట్రుకల మొదళ్ళ వెంట ఒక్క సన్నని గీతలా రాయండి. కింది రెప్పకు వద్దు, కళ్ళు మూసినప్పుడు అంటుకునేదే ఎక్కువ. పొద్దున్నే కడిగేయాలి, లేకపోతే ఆ జిడ్డు మీద కర్ల్ నిలవదు.

ఆముదం గురించి అడిగేవాళ్ళూ ఉంటారు. రెప్ప వెంట్రుకల్ని పెంచుతుందనడానికి ఆధారం లేదు. కంట్లోకి జారి చూపు మసకబారుతుంది, పైగా మీరు వదిలించుకోవాలనుకుంటున్న నూనెను మళ్ళీ మడత మీదికి తెచ్చి పెడుతుంది.

గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా, గ్లాకోమాకు మందు వాడుతున్నా, కంటికి ఇన్‌ఫెక్షన్ ఉన్నా డాక్టర్‌ను అడగకుండా ఏ సీరమూ మొదలుపెట్టొద్దు. మడత ఈ మధ్యే కొత్తగా వచ్చినా, ఒక్క కంటి రెప్పే వాలుతున్నా, రెప్ప అంచున పొక్కులతో వెంట్రుకలు రాలుతున్నా, వెంట్రుకలు లోపలికి తిరిగి కంటికి గుచ్చుకుంటున్నా కర్లర్ పక్కన పెట్టి ముందు కంటి డాక్టర్‌కు చూపించండి.